ఎక్కే గీత, దిగే గీత

లేబర్ రూమ్ బయట కూర్చున్న బంధువులకు లోపలి కబురు ఎక్కువగా వేళ్ల లెక్కలోనే అందుతుంది. "రెండు వేళ్లు తెరుచుకుంది", "మూడు వేళ్లకు వచ్చింది, ఇంకాసేపు పడుతుంది". గర్భాశయ ముఖద్వారం ఎంత తెరుచుకుందో చెప్పే పాత కొలత ఇది. ఒకరి వేలు లావు, ఇంకొకరిది సన్నం. పైగా డ్యూటీ మారి కొత్త నర్సు వచ్చేసరికి ఆ మూడు వేళ్లు ఇప్పటి మాటో, నాలుగు గంటల కిందటి మాటో తెలియదు. పార్టోగ్రామ్ చార్టులో వేళ్లకు బదులు సెంటీమీటర్లు ఉంటాయి, ప్రతి గుర్తు కిందా టైమ్ ఉంటుంది.

చార్టు మధ్యలో ఒక గళ్ల పట్టీ. ఎడమ అంచున సున్నా నుంచి పది వరకు అంకెలు, అడుగున గంటలు. ముఖద్వారం తెరుచుకోవడాన్ని ఇంటూ గుర్తుతో పెడతారు. కాన్పు ముందుకు సాగుతుంటే ఆ గీత పైకి ఎక్కుతుంది. బిడ్డ తల కిందికి దిగడాన్ని సున్నాతో పెడతారు. ఆ గీత కిందికి దిగుతుంది. ఈ రెండూ కాక ముందే అచ్చయి ఉండే ఏటవాలు గీతలు రెండు. మొదటిది అలర్ట్ లైన్, నాలుగు సెంటీమీటర్ల దగ్గర మొదలై గంటకు ఒక సెంటీమీటరు చొప్పున పది దాకా వెళ్తుంది. దానికి నాలుగు గంటలు కుడివైపున సమాంతరంగా యాక్షన్ లైన్.

కాన్పును గ్రాఫుగా గీయవచ్చని 1950లలో న్యూయార్క్ వైద్యుడు ఇమాన్యుయెల్ ఫ్రీడ్‌మన్ చూపించాడు. అయితే ఆ గ్రాఫును మంత్రసానుల చేతి పనిముట్టుగా మార్చింది నేటి జింబాబ్వేలో పనిచేసిన హ్యూ ఫిల్‌పాట్, కాజిల్. 1972లో వాళ్లు తొలిచూలు స్త్రీలలో అందరికన్నా నెమ్మదిగా సాగే పది శాతం మంది వేగాన్ని తీసుకుని అలర్ట్ లైన్ గీశారు. డాక్టరు లేని దూరపు క్లినిక్కులో మిడ్‌వైఫ్ ఈ గీత చూసి తల్లిని పెద్దాసుపత్రికి పంపాలా వద్దా తేల్చుకోవాలి. రెండు గీతల మధ్య ఉన్న నాలుగు గంటలు ఆ ప్రయాణానికి, ఆ తర్వాతి వైద్యానికి ఉంచిన వ్యవధి.

ఎక్కే గీతను అందరూ చూస్తారు. దిగే గీత దగ్గరే చాలామంది తడబడతారు. తల ఎంత దిగిందో తెలుసుకోవడానికి మిడ్‌వైఫ్ ముందు తల్లిని మూత్రానికి వెళ్లి రమ్మంటుంది, మూత్రాశయం నిండి ఉంటే తల సరిగా అందదు. తర్వాత నొప్పికీ నొప్పికీ మధ్య, పొత్తికడుపు కింది ఎముకకు పైన చెయ్యి ఆనించి చూస్తుంది. తలను ఐదు భాగాలు అనుకుంటే, ఎముకకు పైన ఇంకా ఎన్ని భాగాలు చేతికి తగులుతున్నాయన్నదే లెక్క. తల మొత్తం పైనే ఉండి అటూ ఇటూ కదులుతుంటే ఐదు. రెండు భాగాలే తగిలితే తల కటి వలయంలో కుదురుకున్నట్టు. ఏమీ తగలకపోతే సున్నా. ముఖద్వారాన్ని కొలవడానికి పనికిరాని వేళ్లు ఇక్కడ మాత్రం పనికొస్తాయి, ఐదు భాగాలంటే దాదాపు ఐదు వేళ్ల వెడల్పే.

శిక్షణలో ఇచ్చే లెక్కల్లాంటి రెండు చార్టులు పక్కపక్కన పెట్టి చూద్దాం. మొదటావిడ తొలికాన్పుకు ఉదయం పదింటికి పీహెచ్‌సీకి వచ్చింది. ముఖద్వారం నాలుగు సెంటీమీటర్లు, తల నాలుగు భాగాలు పైన. మొదటి ఇంటూ గుర్తు సరిగ్గా అలర్ట్ లైన్ మీదే పడుతుంది. ఇలాంటి చార్టులో లోపలి పరీక్ష మామూలుగా నాలుగు గంటలకోసారి. మధ్యాహ్నం రెండింటికి చూస్తే ఎనిమిది ఉండాల్సింది ఆరే ఉంది. అలర్ట్ లైన్ ఆరు సెంటీమీటర్లను పన్నెండింటికే దాటింది కాబట్టి రెండు గంటలు వెనక. ఆవిడను పంపాలని ఎక్కే గీత చెప్పేసింది. కారణం మాత్రం అది చెప్పదు.

దిగే గీత చూడండి. తల నాలుగు నుంచి రెండుకు దిగింది. చార్టు కింది గళ్లలో నొప్పులు పది నిమిషాలకు రెండే, ఒక్కోటి ఇరవై అయిదు సెకన్లు. దారి ఉంది, తోసే బలమే తక్కువ. 108లో ఏరియా ఆసుపత్రికి చేరాక డాక్టరు ఉమ్మనీటి సంచి చిదిపి, బిడ్డ గుండె చప్పుడు గమనిస్తూ నొప్పుల మందు డ్రిప్పు మొదలుపెడతాడు. సాయంత్రం ఆరింటికి తొమ్మిది సెంటీమీటర్లు. యాక్షన్ లైన్ ఆ ఎత్తుకు ఏడింటికి గానీ రాదు.

రెండో ఆవిడ కూడా పదింటికే వచ్చింది, అయిదు సెంటీమీటర్లతో. రెండింటికి తొమ్మిది. నాలుగు గంటల్లో నాలుగు సెంటీమీటర్లు, గుర్తులు అలర్ట్ లైన్ మీదే కూర్చున్నాయి. ఇంటూ గుర్తులొక్కటే చూసిన నర్సు "ఇంకో గంటలో అయిపోతుంది" అంటుంది. సున్నాలు మాత్రం పదింటికి నాలుగు, రెండింటికీ నాలుగే. నొప్పులు పది నిమిషాలకు నాలుగు, నలభై అయిదేసి సెకన్లు. బలం చాలినంత ఉంది, తలే దిగడం లేదు. బిడ్డ పుర్రె ఎముకలు ఒకదానిపై ఒకటి ఎక్కి, విడదీసినా విడిపోనంతగా ఉన్నాయి. చార్టులో దీన్ని మోల్డింగ్ గడిలో మూడు ప్లస్సులుగా రాస్తారు. తల ఈ దారిలో పట్టడం లేదన్న అనుమానానికి ఇంతకన్నా ఏం కావాలి? మొదటావిడకు మేలు చేసిన డ్రిప్పే ఇక్కడ గర్భసంచి చిరిగే దాకా తీసుకెళ్లగలదు. ఈవిడను సిజేరియన్ చేయగల ఆసుపత్రికి వెంటనే పంపాలి.

ఈ రెండో చార్టులో ఇంకో వల ఉంది. తల ఇరుక్కున్నప్పుడు నెత్తిమీద చర్మం ఉబ్బి కిందికి సాగుతుంది. లోపలి పరీక్షలో వేలికి తగిలేది ఆ వాపు. తల దిగివచ్చిందని అనిపిస్తుంది, ఎముక మాత్రం పైనే ఉంటుంది. పొట్టమీద చెయ్యి పెట్టి చూసిన లెక్క ఇలా మోసపోదు.

చార్టు కూడా అబద్ధం ఆడుతుంది, ఆడించేవాళ్లుంటే. కాన్పు అయ్యాక కూర్చుని నింపిన చార్టును పట్టుకోవడం కష్టం కాదు. గుర్తులన్నీ రూళ్లకర్రతో గీసినట్టు అలర్ట్ లైన్ మీదే ఉంటాయి, గుండె చప్పుడు ప్రతి అరగంటకూ 140 ఉంటుంది, ఆరు గంటల రాతంతా ఒకే ఒరవడిలో సాగుతుంది. నిజమైన బిడ్డ గుండె 132 అంటుంది, 148 అంటుంది. రద్దీ రాత్రి ముగ్గురు తల్లులకు ఒకే నర్సు ఉన్నచోట ఇలా జరగడానికి బద్ధకం ఒక్కటే కారణమని అనలేం.

అసలు గంటకు ఒక సెంటీమీటరు అన్న గీత మీదే తర్వాత సందేహాలు వచ్చాయి. నైజీరియా, ఉగాండాల్లో వేలమంది కాన్పులు గమనిస్తే, అంతకన్నా నెమ్మదిగా సాగినవాళ్లు చాలామంది ఏ ఇబ్బందీ లేకుండా కన్నారు. ఆ గీతను పట్టుకుని అవసరం లేని మందులు, ఆపరేషన్లు పెరుగుతున్నాయన్న ఆందోళనతో ప్రపంచ ఆరోగ్య సంస్థ 2018లో ఆ కొలబద్దను వదిలేయమంది. 2020లో లేబర్ కేర్ గైడ్ అనే కొత్త చార్టు తెచ్చింది. అందులో ఏటవాలు గీతలు లేవు. లెక్క అయిదు సెంటీమీటర్ల నుంచి మొదలవుతుంది, ఒక్కో సెంటీమీటరుకు ఒక్కో గడువు: అయిదు దగ్గర ఆరు గంటలు, ఆరు దగ్గర అయిదు, తొమ్మిది దగ్గర రెండు.

ఆ చార్టు ప్రకారం మన మొదటావిడకు పదింటికి లెక్కే మొదలుకాదు. రెండింటికి ఆరు సెంటీమీటర్ల దగ్గర ఇంకా అయిదు గంటల గడువుంటుంది, తెరుచుకోవడం ఆలస్యమైందని ఆవిడను పంపాల్సిన పని లేదు. రెండో ఆవిడ గడి మాత్రం అక్కడా ఎర్రజెండాయే. మోల్డింగ్ మూడు ప్లస్సులు ఉంటే చుట్టూ గుండ్రంగా గీయాలని కొత్త చార్టు చెబుతుంది. తల దిగుదలను ఇప్పటికీ అదే సున్నాతో, అవే ఐదు భాగాల్లో గుర్తిస్తారు.