90వ పుల్ దాకా ఎవరూ ఎందుకు వెళ్లరు?

2016 జనవరిలో జపాన్‌లో ఒక ఆటగాడు తన ఫోన్ ఆటను ఇంటర్నెట్‌లో ప్రత్యక్షంగా చూపిస్తూ, ఒకే ఒక్క పాత్ర కోసం డబ్బు పోస్తూ వెళ్లాడు. ఆట పేరు గ్రాన్‌బ్లూ ఫాంటసీ. పాత్ర పేరు అంచిరా. ఆమె దొరికేసరికి రెండు వేలకు పైగా డ్రాలు అయ్యాయి, ఖర్చు ఆరు లక్షల యెన్ దాటింది. అభిమానుల ఆగ్రహం కట్టలు తెంచుకోవడంతో సైగేమ్స్ కంపెనీ దిగివచ్చింది. 300 డ్రాలు పూర్తయినవారు కోరిన పాత్రను నేరుగా తీసుకోవచ్చని కొత్త నియమం పెట్టింది. దురదృష్టానికి ఒక హద్దు ఉండాలన్న ఈ ఆలోచనే ఇప్పుడు చాలా గాచా ఆటల్లో రకరకాల రూపాల్లో కనిపిస్తోంది. ఆటగాళ్లు దాన్ని ‘పిటీ’ అంటారు.

గాచా అంటే డబ్బుతోనో, ఆటలో సంపాదించిన రత్నాలతోనో ఒక పెట్టె తెరిచి, లోపల ఏముంటే అది తీసుకోవడం. అలా ఒకసారి తెరవడం ఒక పుల్. చైనాకు చెందిన మిహోయో 2020 సెప్టెంబరులో విడుదల చేసిన గెన్షిన్ ఇంపాక్ట్‌లో ఈ పద్ధతి ఎలా నడుస్తుందో చూస్తే మిగతా ఆటలు కూడా చాలావరకు అర్థమవుతాయి.

ఇందులో ఒక పుల్‌కు 160 ప్రైమోజెమ్‌లు కావాలి. అరుదైన ఐదు నక్షత్రాల పాత్ర దొరికే అవకాశం 0.6 శాతం. అంటే వెయ్యి పుల్స్‌కు ఆరు. నియమం ఇంతే అయితే 90 సార్లు లాగినవారిలో సుమారు 58 శాతం మంది ఉత్త చేతులతో మిగిలిపోతారు. అలా జరగకుండా కంపెనీ సర్వర్ ప్రతి ఖాతాకూ ఒక లెక్క రాసిపెట్టుకుంటుంది. ఐదు నక్షత్రాలు రాని ప్రతి పుల్‌కూ ఆ అంకె ఒకటి పెరుగుతుంది. వరసగా 89 పుల్స్ వట్టిపోతే 90వ దానిలో ఐదు నక్షత్రాల పాత్ర రావలసిందే. ఎప్పుడు వచ్చినా లెక్క మళ్లీ సున్నా. ఇరవయ్యో పుల్‌లో అదృష్టం పండినా సున్నాయే, ఎనభయ్యోదానిలో వచ్చినా సున్నాయే. పది పుల్స్ ఒకేసారి లాగినా సర్వర్ వాటిని విడివిడిగా ఒకదాని తర్వాత ఒకటిగానే లెక్కిస్తుంది.

గవ్వలు వేసేటప్పుడు వెనకటి పందెంలో ఏం పడిందో గవ్వకు గుర్తుండదు. ‘ఇంతసేపూ పడలేదు, ఇప్పుడు పడి తీరుతుంది’ అనుకోవడం అక్కడ భ్రమ. పిటీ ఉన్న గాచాలో అది భ్రమ కాదు. ఇక్కడ గతాన్ని యంత్రం గుర్తుపెట్టుకుంటుంది.

ఇప్పుడు అసలు తమాషా. 0.6 శాతంతో పాటు, హామీని కూడా కలిపితే సగటు అవకాశం 1.6 శాతమని గెన్షిన్ తన వివరాల పేజీలో ప్రకటించింది. చైనా ప్రభుత్వం 2017 మే నుంచి ఇలాంటి అంకెలు బయటపెట్టాలని ఆదేశించింది కాబట్టి ఇవి దాచే వీలు లేదు. అయితే ఈ రెండు అంకెలనూ పక్కపక్కన పెట్టి లెక్క వేస్తే ఏదో తేడా కొడుతుంది. 89వ పుల్ దాకా 0.6 శాతమే ఉండి, 90వ దాంట్లో మాత్రం తప్పనిసరి అయితే ఒక ఐదు నక్షత్రాల పాత్రకు సగటున 70 పుల్స్ దాకా పడతాయి. అది 1.43 శాతం. కంపెనీ చెప్పిన 1.6 శాతం రావాలంటే సగటు 62 లేదా 63 దగ్గర ఉండాలి. కాబట్టి 90 కంటే ముందే ఎక్కడో అవకాశం పెరుగుతూ ఉండాలి.

ఎక్కడ పెరుగుతోందో కంపెనీ చెప్పలేదు, ఆటగాళ్లు కనిపెట్టారు. లక్షలాది పుల్స్ చరిత్రను ఒకచోట చేర్చి చూస్తే 73వ పుల్ దాకా అవకాశం కదలలేదు. 74వ దగ్గర ఒక్కసారిగా లేచింది. అక్కడి నుంచి ప్రతి పుల్‌కూ సుమారు ఆరు శాతం చొప్పున పెరుగుతూ పోయింది. ఈ మెట్లదారినే సాఫ్ట్ పిటీ అంటారు. 90వ పుల్ దగ్గరున్నది హార్డ్ పిటీ. ఈ మెట్లతో లెక్క కడితే సగటు సరిగ్గా కంపెనీ చెప్పిన అంకె దగ్గరకే చేరుతుంది. ఇంకో సంగతి కూడా తేలుతుంది. నూటికి సుమారు 64 మంది ఏమీ రాకుండా 73 దాటుతారు, కానీ 80 దాటేవారు ఎనిమిది మందే. 90 దాకా వెళ్లేవారు దాదాపు లేనట్టే. గట్టిగా ప్రకటించిన హామీ ఆచరణలో ఎవరికీ అక్కరకు రావడం లేదు. అందరినీ గట్టెక్కిస్తున్నది ప్రకటించని మెట్లదారి.

మరి హామీ దేనికి? ‘ఒక ఐదు నక్షత్రాల పాత్ర’కు మాత్రమే, కోరుకున్న పాత్రకు కాదు. కొత్తవారు దెబ్బతినేది ఇక్కడే.

ఒక ఆటగాడికి రైడెన్ షోగన్ కావాలనుకుందాం. ఆమె బ్యానర్‌లో అతను 76వ పుల్‌కు ఐదు నక్షత్రాలు సాధించాడు. అప్పుడు సర్వర్ బొమ్మా బొరుసూ వేస్తుంది: ఆమె వచ్చే అవకాశం సగం, ఎప్పుడూ ఉండే పాత పాత్రల్లో ఎవరో ఒకరు వచ్చే అవకాశం సగం. ఇతనికి చీచీ వచ్చింది. లెక్క సున్నా అయింది, కానీ సర్వర్ మరో గుర్తు పెట్టుకుంది: ఈసారి ఐదు నక్షత్రాలు వస్తే బ్యానర్ పాత్రే రావాలి. ఇంకో 78 పుల్స్ తర్వాత రైడెన్ వచ్చింది. మొత్తం 154 పుల్స్, అంటే 24,640 ప్రైమోజెమ్‌లు. రోజూ చేసే పనులకు ఆట ఇచ్చేది 60. వాటితోనే కూడబెడితే 410 రోజులకు పైగా పడుతుంది. పండగలకూ, కొత్త ప్రాంతాలకూ ఇచ్చేవి కలిపితే ఆ కాలం తగ్గుతుంది.

2024 ఆగస్టులో వచ్చిన 5.0 వెర్షన్‌తో ఈ సగం సగాన్ని కాస్త సడలించి, బ్యానర్ పాత్ర వాటాను మొత్తం మీద 55 శాతంగా ప్రకటించారు. చివరి హద్దు మాత్రం మారలేదు. అది రెండు తొంభైలు, 180 పుల్స్.

మెచ్చుకోవలసిన విషయం ఒకటుంది. బ్యానర్ ముగిసినా ఈ లెక్క పోదు. 40 దగ్గర ఆపేసినవారు నెల తర్వాత వచ్చే మరో పాత్ర బ్యానర్‌లో 41 నుంచే మొదలుపెట్టవచ్చు. ఆయుధాల బ్యానర్ లెక్క మాత్రం వేరు, దానికి హద్దు 80. ‘రేపటితో బ్యానర్ అయిపోతోంది, 65 పుల్స్ వృథా అవుతాయి’ అన్న కంగారులో కార్డు గీకేవారు ఈ ఒక్క నియమం తెలియక నష్టపోతున్నారు. అయితే ప్రతి ఆటా ఇలా ఉండదు. గ్రాన్‌బ్లూలో 300 లెక్క గడువుతోనే ముగిసిపోతుంది. అందుకే ‘పిటీ ఉంది’ అని వినగానే సరిపెట్టుకోకూడదు, అది తర్వాతి బ్యానర్‌కు వస్తుందా లేదా అన్నది ముందు చూసుకోవాలి.

2025 జనవరిలో అమెరికా ఫెడరల్ ట్రేడ్ కమిషన్ ఈ ఆట నడిపే సంస్థతో రెండు కోట్ల డాలర్ల ఒప్పందం కుదుర్చుకుంది. తల్లిదండ్రుల అనుమతి లేకుండా 16 ఏళ్లలోపు పిల్లలకు ఇలాంటి పెట్టెలు అమ్మకూడదనీ, అవకాశాలనూ అసలు ధరనూ స్పష్టంగా చూపాలనీ షరతు పెట్టింది. ధర నిజంగానే మసకగా ఉంటుంది. డాలర్లు క్రిస్టల్స్ అవుతాయి, క్రిస్టల్స్ ప్రైమోజెమ్‌లు అవుతాయి, అవి పుల్స్ అవుతాయి.

ఆ మసక తొలగించుకోవడం కష్టమేమీ కాదు. 180ని 160తో గుణిస్తే 28,800. సుమారు వంద డాలర్ల అతిపెద్ద ప్యాక్‌లో వచ్చేవి బోనస్‌తో కలిపి 8,080 క్రిస్టల్స్. అంటే నాలుగు ప్యాక్‌లు, దాదాపు 400 డాలర్లు. ఇంట్లో పిల్లలు గాచా ఆడుతుంటే చరిత్ర పేజీ తెరిపించి, చివరి ఐదు నక్షత్రాల తర్వాత ఎన్ని పుల్స్ అయ్యాయో వారితోనే లెక్కపెట్టించండి. కొనాలా వద్దా అన్నది ఆ అంకె, ఈ 400 పక్కపక్కన చూశాకే తేల్చుకోండి.