వెనక్కి నడిచినా పెరగని శక్తి

ఒక ఆటోమేటన్‌కు అక్షరాల వరుస మీద ముందుకే కాదు, వెనక్కీ నడిచే వీలిచ్చామనుకోండి. అది చదవగలదు, రాయలేదు. దాని స్థితులు పరిమితం. చివరి నుంచి పదో అక్షరం ‘అ’ అవునా కాదా తేల్చాలంటే చివరిదాకా వెళ్లి పది అడుగులు వెనక్కి వేస్తుంది. పదిహేను స్థితుల లోపే పని అయిపోతుంది. ముందుకే నడిచే నిర్ణీత యంత్రానికి, వాడేవి రెండే అక్షరాలైనా, 1024 స్థితులు కావాలి.

అయినా రెండూ గుర్తించేది రెగ్యులర్ భాషలనే. 1959లో రాబిన్, స్కాట్ దీన్ని నిరూపించారు. అదే ఏడాది షెపర్డ్‌సన్ చూపిన దారి నాకు మరీ ఇష్టం.

చదివేసిన భాగాన్ని మూసిన గది అనుకోండి. యంత్రం ఏ స్థితిలో లోపలికి వెనుదిరిగితే ఏ స్థితిలో బయటికొస్తుంది, లేక లోపలే ఉండిపోతుందా? మొట్టమొదట ఏ స్థితిలో బయటపడింది? ఈ జవాబుల పట్టిక ఉంటే లోపలి అక్షరాలతో పనిలేదు. రెండు స్థితుల యంత్రానికి ప్రశ్నలు మూడు, ఒక్కోదానికి జవాబులు మూడు. పట్టికలు 27కు మించవు.

కొత్త అక్షరం యంత్రాన్ని వెనక్కి పంపితే పాత పట్టిక చూసి, తిరిగొచ్చిన స్థితిలో అదే అక్షరాన్ని మళ్లీ చదివించాలి. అక్కడ పాత స్థితే మళ్లీ ఎదురైతే ఇక బయటికి రాదు. ఇలా కొత్త పట్టిక తయారవుతుంది. ఆ పట్టికలనే స్థితులుగా పెట్టుకున్న యంత్రానికి వెనక్కి వెళ్లే అవసరమే ఉండదు.