నాణేనికి బాకీలు తెలియవు

నాణెం ఎగరేస్తే వరుసగా ఐదుసార్లు బొమ్మే పడిందనుకుందాం. ఆరోసారి ఏం పడుతుందని అడిగితే చాలామంది బొరుసు అనే అంటారు. బొమ్మలు మరీ ఎక్కువైపోయాయి కాబట్టి ఇక బొరుసుల వంతు అని వాళ్ల లెక్క. రెండూ సగం సగం పడాలని అందరం చదువుకున్నదే. అందుకే నాణెం బొరుసుకు ఐదు బాకీ పడిందనీ, ఆ బాకీ త్వరలోనే తీర్చేస్తుందనీ అనిపిస్తుంది. పెద్ద సంఖ్యల సూత్రం పేరు విన్నవాళ్లయితే దాన్నే సాక్ష్యంగా చూపిస్తారు. కానీ ఆ సూత్రం బాకీ తీరుతుందని ఎక్కడా చెప్పదు. బాకీ తీరకపోయినా వాటా సగానికి ఎలా చేరుతుందో చెబుతుంది.

ఇది నిజంగా ఎలా జరుగుతుందో చూడాలంటే ఓపికగా ఎగరేసి, ప్రతిదీ రాసిపెట్టుకున్న మనిషి కావాలి. అలాంటివాడు జాన్ కెరిచ్. దక్షిణాఫ్రికాలో గణితం బోధించే ఆయన 1940 ఏప్రిల్‌లో డెన్మార్క్‌లో ఉండగా జర్మన్ సేనలు ఆ దేశాన్ని ఆక్రమించాయి. దాంతో ఆయన జట్లండ్ ప్రాంతంలోని ఒక నిర్బంధ శిబిరంలో ఉండాల్సి వచ్చింది. అక్కడ తోటి బందీ ఒకరితో కలిసి నాణేన్ని 10,000 సార్లు ఎగరేసి, ప్రతి ఫలితాన్నీ నమోదు చేశాడు. 1946లో ఆ లెక్కలను పుస్తకంగా ప్రచురించాడు. అందులోని కొన్ని మజిలీలు ఇవి:

| ఎగరేసినవి | పడ్డ బొమ్మలు | సగంతో తేడా | బొమ్మల శాతం |
|---|---|---|---|
| 100 | 44 | 6 తక్కువ | 44 |
| 500 | 255 | 5 ఎక్కువ | 51 |
| 1,000 | 502 | 2 ఎక్కువ | 50.2 |
| 5,000 | 2,533 | 33 ఎక్కువ | 50.66 |
| 10,000 | 5,067 | 67 ఎక్కువ | 50.67 |

మొదటి వరుసనూ చివరి వరుసనూ పక్కపక్కన పెట్టి చూడండి. వంద దగ్గర సగానికి 6 తేడా ఉంది. పదివేల దగ్గరికొచ్చేసరికి ఆ తేడా తగ్గకపోగా 67కు పెరిగింది. శాతం మాత్రం సగానికి బాగా దగ్గరైంది. వంద దగ్గర ఆరు శాతం ఎడం ఉంటే, పదివేల దగ్గర ముప్పావు శాతం కూడా లేదు. లెక్కలో దూరం పెరుగుతూనే వాటాలో దగ్గరవడం, అదీ ఈ సూత్రంలోని అసలు విషయం. తేడా పెరిగింది పదకొండు రెట్లు, ఎగరేసిన సంఖ్య పెరిగింది వంద రెట్లు. భాగించినప్పుడు కింది సంఖ్యదే పైచేయి అయింది.

పట్టికలో ఇంకోటి కూడా గమనించాలి. వెయ్యి దగ్గర శాతం 50.2కు వచ్చాక, ఆ తర్వాత మళ్లీ కాస్త దూరం జరిగింది. అంటే సగం వైపు నడక మెట్టు మెట్టుగా, వెనక్కి తగ్గకుండా సాగేది కాదు. కెరిచ్ లెక్కల్లో 1,000 నుంచి 10,000 దాకా ప్రతి వెయ్యి దగ్గరా బొమ్మలే ముందున్నాయి. ఒకసారి ఒక వైపు మొగ్గిన లెక్క చాలాకాలం అటే ఉండిపోవడం మామూలే. దాన్ని చూసి నాణేన్ని అనుమానించనక్కర్లేదు.

మరి మొదటి వందలో తక్కువ పడిన ఆ ఆరు బొమ్మల సంగతేమిటి? నాణేనికి జ్ఞాపకం లేదు. ఇంతకుముందు ఏం పడిందన్నది తర్వాతి ఎగరేతను ఏ రకంగానూ మార్చదు. కాబట్టి వంద పూర్తయి 44 బొమ్మలు చేతిలో ఉన్నప్పుడు, వెయ్యికి మిగిలిన 900 సార్లలో మనం ఆశించాల్సింది సరిగ్గా సగం, అంటే 450. ఆ ఆరూ కలిపి 456 పడతాయని ఆశించడానికి ఏ కారణమూ లేదు. 44కు 450 కలిపితే 494, అంటే 49.4 శాతం. ఇదే లెక్కను పదివేల దాకా సాగదీస్తే మిగిలిన 9,900లో 4,950 ఆశిస్తాం. మొత్తం 4,994, అంటే 49.94 శాతం. ఈ లెక్కంతటిలో ఆరు బాకీ ఆరుగానే ఉంది, ఎవరూ తీర్చలేదు. వందలో ఆరు కొట్టొచ్చినట్టు కనిపిస్తుంది, పదివేలలో ఆరు లెక్కలోకి రాదు. అంతే తేడా.

అయితే మిగిలిన 9,900లోనూ సరిగ్గా సగమే పడవు, అక్కడా కొత్త తేడాలు పుడతాయి. అవి ఎంత ఉండొచ్చు? దీనికి తేలికైన కొలత ఉంది. ఎగరేసిన సంఖ్యకు వర్గమూలం తీసి, అందులో సగం తీసుకోవాలి. వందకు వర్గమూలం పది, అందులో సగం ఐదు. సుమారు మూడింట రెండు సందర్భాల్లో బొమ్మల సంఖ్య 50కి అటూ ఇటూ ఐదు లోపల ఉంటుంది. దానికి రెట్టింపు, అంటే పది తేడా దాటడం నూటికి ఐదు సార్లకు మించదు. కెరిచ్‌కు వచ్చిన 44 ఈ లెక్కలో చాలా మామూలు ఫలితం. పదివేలకు ఈ కొలత 50. ఆయనకు వచ్చిన 67 తేడా కూడా అనుమానించాల్సినంత పెద్దదేమీ కాదు.

ఫలితాలు త్వరగా సర్దుకుంటాయని ఆశించేవాళ్లు సరిగ్గా ఈ వర్గమూలం దగ్గరే పొరబడతారు. తేడా శాతాన్ని సగానికి తగ్గించాలంటే రెట్టింపు ఎగరేస్తే చాలదు, నాలుగు రెట్లు ఎగరేయాలి. పదో వంతుకు తగ్గించాలంటే వంద రెట్లు. బొమ్మల వాటా 49 శాతానికీ 51 శాతానికీ మధ్య ఉంటుందని నూటికి 95 పాళ్ల భరోసా కావాలంటే పదివేల దాకా వెళ్లాల్సిందే. పది, ఇరవై ఎగరేతల్లో సగం సగం కనిపించాలని పట్టుబట్టడానికి ఈ సూత్రం అండగా నిలవదు.

సరిగ్గా సగం పడటమైతే సంఖ్య పెరిగేకొద్దీ మరింత అరుదవుతుంది. 100లో కచ్చితంగా 50 బొమ్మలు పడే అవకాశం నూటికి 8. 10,000లో కచ్చితంగా 5,000 పడే అవకాశం వెయ్యికి 8 మాత్రమే. సగానికి దగ్గరవడం వేరు, సగాన్ని తాకడం వేరు.

స్విట్జర్లండ్‌కు చెందిన యాకబ్ బెర్నూలీ ఈ సూత్రాన్ని మొదట రుజువు చేశాడు. ఆయన 1705లో చనిపోతే, ఆ రుజువు ఉన్న పుస్తకం 1713లో వెలువడింది. ఆ రుజువు ఇచ్చే మాట చాలా జాగ్రత్తగా ఉంటుంది: ఎంత దగ్గర కావాలో, ఎంత భరోసా కావాలో మీరు చెప్పండి, అందుకు సరిపడే ఎగరేతల సంఖ్య ఒకటి తప్పక ఉంటుంది. తర్వాతి ఎగరేత గురించి అది ఏమీ చెప్పదు. పైగా చేరాల్సిన చోటు సగమే అని కూడా అనదు. నాణేనికి దాని సొంత సంభావ్యత ఎంతో, వాటా అక్కడికే చేరుతుంది.

ఈ చివరి మాటతో నాణేన్ని పరీక్షించవచ్చు కూడా. వందలో 44 బొమ్మలు పడితే దాన్నిబట్టి ఏమీ తేల్చలేం. అదే 44 శాతం పదివేలలోనూ వస్తే, అంటే 4,400 బొమ్మలే పడితే, సగానికి తేడా 600. మామూలు కొలత 50 అయినచోట ఇది పన్నెండు రెట్లు. సమంగా ఉన్న నాణెం అలా పడదు. అప్పుడు ఇంకా ఎగరేస్తే సర్దుకుంటుందని ఎదురుచూడటం వృథా. ఆ నాణెం ఎన్ని లక్షల సార్లు ఎగరేసినా 44 దరిదాపుల్లోనే నిలుస్తుంది, పెద్ద సంఖ్యల సూత్రం చెప్పేదీ అదే.