ఆర్టోస్ పేరు ఎన్ని ఊళ్ల దాకా తెలుసు?

గోదావరి జిల్లాల్లో పెరిగినవాళ్లకు ఆర్టోస్ అంటే ఏమిటో చెప్పనక్కర్లేదు. రామచంద్రపురంలో వందేళ్ల కిందట మొదలైన ఆ కూల్ డ్రింకు, అందులోనూ ద్రాక్ష రుచిది, అక్కడి వేసవి జ్ఞాపకాల్లో కలిసిపోయింది. అదే పేరు హైదరాబాద్‌లో పదిమందిని అడిగితే కొందరు వెంటనే అవునంటారు, కొందరు కాసేపు ఆలోచిస్తారు, మరికొందరు అదేదో మందు పేరనుకుంటారు. అవునన్నవాళ్లలో గోదావరి నుంచి వచ్చి స్థిరపడ్డవాళ్లు ఎందరో విడిగా చూడాలి.

ప్రాంతీయ బ్రాండ్లన్నిటి సంగతీ ఇంతే. పేరు సొంతూళ్లో అందరికీ తెలుసు, దూరం వెళ్లేకొద్దీ పలచబడుతుంది. ఎక్కడిదాకా చిక్కగా ఉంది, ఎక్కడ విరిగిపోయింది అన్నది తెలిస్తేనే ప్రకటన డబ్బు ఏ ఊళ్లో ఖర్చుపెట్టాలో తేలుతుంది. పెద్ద కంపెనీలు ఈ పనికి ఏజెన్సీలను పెట్టుకుంటాయి. చిన్న కంపెనీ ఇద్దరు డిగ్రీ విద్యార్థులతో, ఒక పేజీ ప్రశ్నపత్రంతో, ఒక ఉచిత ఆన్‌లైన్ ఫారంతో ఇందులో చాలా భాగం తెలుసుకోగలదు. అయితే ప్రశ్నలు అడిగే వరస తప్పితే ఆ శ్రమంతా వృథా అవుతుంది.

ఆ వరస ఇలా ఉండాలి. కాకినాడ బస్టాండులో విద్యార్థి ఒకరిని ఆపి, "కూల్ డ్రింకు అనగానే మీకు ఏ పేర్లు గుర్తొస్తాయండీ?" అని అడుగుతాడు. అంతే, ఇంకేమీ అందించడు. ఆయన "థమ్సప్, స్ప్రైట్..." అంటుంటే చెప్పిన వరసలోనే రాసుకుంటాడు. ఆగితే ఒక్కసారి "ఇంకేమైనా అండీ?" అంటాడు. ఇలా దానంతటది నోటికి వచ్చిన పేరుకు ఒక లెక్క. అన్నిటికన్నా ముందు వచ్చిన పేరుకు మరో లెక్క. ఆ తర్వాతే జాబితా చదివి, వీటిలో ఏవి విన్నారని అడగాలి. అడిగితే తెలుసు అనేవాళ్ల సంఖ్య ఎప్పుడూ పెద్దదే. రెంటినీ కలిపి ఒకే శాతంగా చెప్పుకోవడం తమను తాము మోసం చేసుకోవడమే. కొట్లో నిలబడ్డ మనిషి నోట జాబితా సాయం లేకుండా ఆ పేరు రావాలి కదా!

ఈ వరస చెడిపోయే దారులు చాలా మామూలువి. విద్యార్థి మెడలో కంపెనీ బొమ్మ ఉన్న కార్డు వేలాడుతుంటుంది. లేదా పక్క కొట్టు ఫ్రిజ్‌లో అదే సీసా కనబడుతుంటుంది. ఇక ఆన్‌లైన్ ఫారానికి "ఆర్టోస్ సర్వే" అని పేరు పెడితే, వాట్సాప్‌లో లింకు పంపగానే ఆ శీర్షిక ముందే కనిపిస్తుంది. మొదటి ప్రశ్నకు జవాబు అందించినట్టే. "కూల్ డ్రింకులపై చిన్న సర్వే" అని పెట్టి, మొదటి ప్రశ్నను ఒక పేజీలో, జాబితాను తర్వాతి పేజీలో ఉంచితే సరి. గూగుల్ ఫామ్స్‌లో వెనక్కి వెళ్లి జవాబు మార్చుకునే వీలుంటుంది కాబట్టి, ఆన్‌లైన్‌లో వచ్చిన మొదటి జవాబులను వీధిలో వచ్చినంతగా నమ్మలేం.

జాబితాలో బజారులో లేని పేరు ఒకటి కలపాలి. ఈ చిన్న ఉపాయాన్ని చాలామంది వదిలేస్తారు. మర్యాద కోసమో, తెలియదంటే తక్కువనో, విననిదాన్ని కూడా విన్నామనేవాళ్లు ఎప్పుడూ ఉంటారు. లెక్క కోసం విజయవాడలో 200 మందిని అడిగారనుకుందాం. లేని పేరును 14 మంది విన్నామన్నారు, అంటే 7 శాతం. ఆర్టోస్‌ను 20 మంది, అంటే 10 శాతం విన్నామన్నారు. అప్పుడు ఆ 10 శాతాన్ని చూసి సంబరపడటానికి ఏమీ లేదు. అందులో ఎక్కువ భాగం ఊరికే తలూపినవాళ్లదే అయివుండొచ్చు.

జవాబులు రాసుకోవడంలోనూ ముందే తేల్చుకోవాల్సినవి ఉన్నాయి. ఒకరు "ఆర్తోస్" అంటారు, అది లెక్కలోకి వస్తుంది. మరొకరు "అదేనండీ, ద్రాక్ష రంగులో ఉంటుందే, మా ఊళ్లో దొరుకుతుంది" అంటారు. ఆయనకు రుచి గుర్తుంది, పేరు గుర్తులేదు. దీన్ని పేరు చెప్పినట్టు లెక్కించకూడదు. పక్కన విడిగా రాసుకుంటే మాత్రం బంగారం లాంటి సమాచారం. అలాంటివాళ్లు ఎక్కువైతే లోపం సీసా మీది అక్షరాల్లో ఉండొచ్చని అర్థం.

ఇక ఎవరిని అడగాలి? విద్యార్థులను వదిలేస్తే తమ ఈడు కుర్రాళ్లనే ఆపుతారు. సంచులు మోసుకుంటూ వెళ్లే ఆడవాళ్లను, పెద్దవాళ్లను ఆపడానికి మొహమాటపడతారు. అందుకే ఒక గీత అనుకుని, దాన్ని దాటిన ప్రతి పదో మనిషినీ అడగాలన్న నియమం పెడతారు. కాదన్నవాళ్లను కూడా గీతలు గీసి లెక్కపెడతారు. బస్టాండులో ఉదయం ఉద్యోగులు, మధ్యాహ్నం పల్లెల నుంచి వచ్చినవాళ్లు, సాయంత్రం కాలేజీ పిల్లలు ఎక్కువ. అందుకని మూడు పూటలూ నిలబడాలి. బస్టాండుతో పాటు కూరగాయల మార్కెట్లోనూ అడిగితే ఇంకా మంచిది. ఏ ఊరివాళ్లని అడగడం మరిచిపోకూడదు.

ఇంత చేసినా తేడా మిగులుతుంది, దాన్ని సరిచేయడం కష్టం కాదు. కాకినాడలో దొరికిన 200 మందిలో 140 మంది మగవాళ్లు, 60 మంది ఆడవాళ్లు అనుకుందాం. సాయం లేకుండా ఆర్టోస్ పేరు చెప్పినవాళ్లు మగవాళ్లలో 56, ఆడవాళ్లలో 12. మొత్తం 68, అంటే 34 శాతం. కానీ ఊళ్లో ఆడా మగా దాదాపు సగం సగం. మగవాళ్లలో 40 శాతానికీ ఆడవాళ్లలో 20 శాతానికీ సమంగా బరువిస్తే వచ్చేది 30 శాతం. కిరాణా సరుకుల చీటీ రాసేది ఇంట్లో ఆడవాళ్లే అయినప్పుడు, ఆ 20 శాతాన్నే ముందు చూడాలి.

ఆన్‌లైన్‌లో జవాబులు చవగ్గా, రాత్రికి రాత్రే వందలు వస్తాయి. అవి ఎక్కడి నుంచి వచ్చాయన్నదే చిక్కు. యజమాని బంధువుల గ్రూపులో, కంపెనీ ఫేస్‌బుక్ పేజీలో పెట్టిన లింకుకు స్పందించేవాళ్లకు ఆ పేరు తెలియకుండా ఎలా ఉంటుంది? ఊరూ వయసూ ఎంచుకుని, బ్రాండు పేరు లేకుండా కొద్ది డబ్బుతో ప్రకటన ఇచ్చి పిలిస్తే కొంత నయం. బహుమతి ఉందంటే ఒకే మనిషి నాలుగుసార్లు నింపుతాడు. వీధిలో ఎదురుపడని హైదరాబాద్, బెంగళూరు తెలుగువాళ్లను చేరడానికి ఈ దారి పనికొస్తుంది. ఆ అంకెను వీధి అంకెతో కలపకుండా విడి వరసలో ఉంచాలి.

రామచంద్రపురం, కాకినాడ, రాజమండ్రి, విజయవాడ అంకెలను కూడా సగటు చేయకూడదు. సొంతూరి 90 శాతమూ దూరపు ఊరి 10 శాతమూ కలిపి 50 అంటే, ఆ 50 ఏ ఊరిదీ కాదు.

వేసవి ప్రకటనల తర్వాత కాకినాడలో మళ్లీ అవే చోట్ల, అవే పూటల్లో, అవే మాటలతో మరో 200 మందిని అడిగితే 30 శాతం కాస్తా 35 అయిందనుకుందాం. ప్రకటన పనిచేసిందని యజమాని అనొచ్చు. 200 మందిని అడిగినప్పుడు ఇలాంటి అంకె అటూ ఇటూ 6, 7 శాతం ఊగుతుంది. రెండు విడతలను పోల్చేటప్పుడు ఆ ఊగిసలాట సుమారు 9కి చేరుతుంది. అందులోనూ దారిన పోయేవాళ్లను అడిగిన లెక్క కాబట్టి అసలు తేడా అంతకు మించే ఉండొచ్చు. 5 శాతం పెరుగుదలను నమ్మాలంటే ప్రతి విడతలో దాదాపు 700 మంది కావాలి. అంతమందిని అడిగే స్తోమత లేకపోతే, అంకె 40 దాటేదాకా ప్రకటన ఖర్చు పెంచే నిర్ణయాన్ని ఆపుకోవాలి.