పేగు పంపే కబురు

1902 జనవరిలో, లండన్ యూనివర్సిటీ కాలేజీ. విలియం బేలిస్, ఎర్నెస్ట్ స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు (వరసకు బావాబావమరుదులు) మత్తులో ఉన్న కుక్క చిన్నపేగులో ఒక ముక్కకు నరాలన్నీ తెంచేశారు. రక్తనాళాలను మాత్రం అలాగే ఉంచారు. అందులో కొద్దిగా పలచని హైడ్రోక్లోరిక్ ఆమ్లం పోయగానే క్లోమం నుంచి రసం బొట్లు బొట్లుగా కారింది. నరాలే లేనప్పుడు క్లోమానికి సంగతి ఎలా తెలిసింది? స్టార్లింగ్ ఆ పేగు లోపలి పొరను గీకి, ఇసుక, ఆమ్లం కలిపి నూరి, వడగట్టి కుక్క మెడలోని సిరలోకి ఎక్కించాడు. కాసేపటికి క్లోమరసం మళ్లీ కారింది. కబురు రక్తంలో వెళ్తోందన్నమాట. ఆ కబురు మోసే పదార్థానికి సెక్రెటిన్ అని పేరు పెట్టారు. హార్మోన్ అనే మాట 1905లో వచ్చింది, అదీ స్టార్లింగ్ పుణ్యమే.

జీర్ణవ్యవస్థలో ఇలాంటి హార్మోన్లు చాలానే ఉన్నా, భోజనం సంగతి చూసేటప్పుడు మూడింటిని కలిపి చెప్పుకోవాలి. మటన్ బిర్యానీ తిన్నారనుకోండి. మాంసం విడిపోగా వచ్చిన ప్రొటీన్ ముక్కలు తగిలినా, కడుపు సాగినా, వేగస్ నరం ప్రేరేపించినా జీర్ణాశయం దిగువ భాగంలోని జి కణాలు గ్యాస్ట్రిన్‌ను రక్తంలోకి వదులుతాయి. అది రక్తంలో తిరిగి మళ్లీ జీర్ణాశయానికే వచ్చి, ఎగువ భాగంలో హిస్టమిన్ విడుదల చేయించి, ఆమ్లం ఊరేలా చేస్తుంది. ఆమ్లం బాగా పెరిగి పీహెచ్ 3 కంటే దిగితే సొమాటోస్టాటిన్ అనే మరో హార్మోన్ వచ్చి గ్యాస్ట్రిన్‌ను ఆపుతుంది. ఈ అదుపు తప్పితే ఏమవుతుందో తర్వాత చూద్దాం.

ఆమ్లంతో తడిసిన ఆహారం చిన్నపేగు మొదటి భాగమైన ఆంత్రమూలంలోకి జారుతుంది. అక్కడ పీహెచ్ 4.5 కంటే తగ్గితే ఎస్ కణాలు సెక్రెటిన్‌ను వదులుతాయి. దాని ప్రధాన గురి క్లోమనాళాలు. అవి బైకార్బనేట్ కలిసిన నీళ్లలాంటి రసాన్ని పంపి ఆమ్లాన్ని విరిచేస్తాయి. ఆమ్లం విరగగానే సెక్రెటిన్ కూడా తగ్గిపోతుంది.

ఇక బిర్యానీలోని నెయ్యి సంగతి. కొవ్వు, ప్రొటీన్ల ముక్కలు తగిలితే ఐ కణాలు కొలెసిస్టోకైనిన్‌ను వదులుతాయి. ఇది పిత్తాశయాన్ని ముడుచుకునేలా చేసి, పైత్యరసం పేగులోకి దిగే దారిలోని కండరాన్ని వదులు చేస్తుంది. క్లోమం నుంచి ఎంజైములను రప్పిస్తుంది. జీర్ణాశయం ఖాళీ అయ్యే వేగాన్ని తగ్గిస్తుంది. కొవ్వు తిన్నాక ఎక్కువసేపు ఆకలి వేయకపోవడంలో దీని పాత్ర ఉంది. పిత్తాశయంలో రాయి ఉన్నవారికి కొవ్వు భోజనం తర్వాత కుడి పక్కటెముకల కింద నొప్పి రావడమూ దీనివల్లే. పిత్తాశయం ముడుచుకున్నప్పుడు రాయి మూతిలో అడ్డం పడుతుంది.

ఇప్పుడు అదుపు తప్పిన కథ. క్లోమంలోనో ఆంత్రమూలంలోనో చిన్న గడ్డ పుట్టి, ఎవరి మాటా వినకుండా గ్యాస్ట్రిన్ ఉత్పత్తి చేస్తూ ఉంటుంది. దీన్ని 1955లో జోలింజర్, ఎలిసన్ అనే సర్జన్లు వర్ణించారు. అరుదైన జబ్బే, కానీ అల్సర్ మందులతో తగ్గినట్టే తగ్గి పదేపదే తిరగబెడుతుంటే, దానికి విరేచనాలు తోడైతే, వైద్యులకు ఇది గుర్తు రావాలి. విరేచనాలు ఎందుకంటారా? బైకార్బనేట్ ఎంత వచ్చినా విరగనంత ఆమ్లం పేగులోకి దిగితే కొవ్వును అరిగించే ఎంజైము పనిచేయదు.

ఒక రోగికి పరగడుపున రక్తంలో గ్యాస్ట్రిన్ మిల్లీలీటరుకు 400 పికోగ్రాములు ఉందనుకుందాం. మామూలుగా 100 లోపే ఉంటుంది. అలాగని వెంటనే గడ్డ అనేయకూడదు. ఒమెప్రజోల్ లాంటి మాత్రలు వాడినా, జీర్ణాశయంలో ఆమ్లమే ఊరకపోయినా గ్యాస్ట్రిన్ పెరుగుతుంది, ఎందుకంటే దాన్ని ఆపే ఆమ్లం లేదు. కాబట్టి జీర్ణాశయ రసం పీహెచ్ చూస్తారు. అది 1.2 ఉందంటే అనుమానం బలపడుతుంది: అంత ఆమ్లం ఉండగా గ్యాస్ట్రిన్ తగ్గి ఉండాల్సింది.

అప్పుడు సిరలోకి సెక్రెటిన్ ఎక్కించి, కొన్ని నిమిషాలపాటు గ్యాస్ట్రిన్‌ను కొలుస్తారు. మామూలు జి కణాలకు సెక్రెటిన్ అణచివేత సంకేతం, కాబట్టి గ్యాస్ట్రిన్ తగ్గుతుంది, లేదా పెద్దగా మారదు. గడ్డ కణాలు మాత్రం అదే సెక్రెటిన్ తగలగానే మరింత గ్యాస్ట్రిన్ వదులుతాయి. మన రోగిలో 5 నిమిషాలకు 400 కాస్తా 720 అయితే, పెరుగుదల 320. 120కి మించితే గడ్డ ఉందనే లెక్క. ఆమ్లాన్ని అణిచే మాత్రలు ఈ పరీక్షను తారుమారు చేస్తాయి కాబట్టి ముందుగా ఆపాలి, కానీ ఈ రోగులకు ఒక్కసారిగా ఆపితే అల్సర్ రక్తం కక్కవచ్చు, పేగు చిల్లుపడవచ్చు. అందుకే ఎప్పుడు, ఎలా ఆపాలన్నది వైద్యుడే తేలుస్తాడు. గడ్డను తీసేశాక ఎక్కడైనా మిగిలిందేమో తెలుసుకోవడానికీ ఇదే సెక్రెటిన్ పరీక్షను మళ్లీ చేస్తారు.