బడి ఇచ్చే కాగితం వేరు, పోలీసులు ఇచ్చేది వేరు

జూన్‌లో ఒక పాత విద్యార్థి తల్లి హోసూరులోని మా బడికి వచ్చారు. "అయ్యవారూ, పిల్లోడికి బెంగళూరు కంపెనీలో పని దొరికింది. మంచోడని ఒక కాగితం కావాలంట" అన్నారు. ప్రధానోపాధ్యాయులు రిజిస్టరు చూసి కాండక్ట్ సర్టిఫికెట్ రాసిచ్చారు. నాలుగు రోజులకే కంపెనీ దాన్ని వద్దంది. వాళ్లు అడిగింది పోలీసు వెరిఫికేషన్. కంపెనీ పంపిన ఉత్తరం చూపించమని మేమూ అడగలేదు, తప్పు మాదే.

కాండక్ట్ సర్టిఫికెట్‌లో ప్రధానోపాధ్యాయులు చెప్పగలిగేది పిల్లవాడు తమ బడిలో చదివిన రోజుల గురించే. ఆ కుర్రవాడు మా దగ్గర చదువు ముగించింది 2021లో. తర్వాత ఎలా ఉన్నాడో బడి రిజిస్టరు చెప్పదు. కళాశాల ప్రవేశానికి మాత్రం మామూలుగా అడిగేది ఈ కాగితమే, టీసీతో పాటు. అయితే అది చివరగా చదివిన సంస్థ ఇవ్వాలి. ప్లస్ టూ వేరే చోట చదివి, డిగ్రీలో చేరేటప్పుడు పదో తరగతి బడికి వచ్చేవాళ్లు ఏటా ఉంటారు. వాళ్లను వెనక్కి పంపక తప్పదు.

పోలీసులు మంచివాడా కాదా అని రాయరు. తమ రికార్డుల్లో ఆ మనిషి మీద కేసులున్నాయా అని చూస్తారు, ఇచ్చిన చిరునామాలో ఉంటున్నాడా అని విచారిస్తారు. కాబట్టి ఉద్యోగం ఎక్కడన్నది కాదు, నివాసం ఎక్కడన్నది ముఖ్యం. ఈ కుర్రవాడు రోజూ హోసూరు నుంచే బస్సులో వెళ్లి వస్తాడు గనుక తమిళనాడు పోలీసుల వెబ్‌సైటులోనే, ఉద్యోగం కోసం అని ఎంచుకుని దరఖాస్తు చేయాలి. బెంగళూరులో గది తీసుకుని అక్కడే ఉంటే కర్ణాటక వారి సేవా సింధు ద్వారా అడగాల్సి వచ్చేది.

ఇక్కడ ఇంకో పొరపాటు జరిగింది. నెట్ సెంటర్ అతను పాస్‌పోర్ట్ సేవా తెరిచి, పోలీసు క్లియరెన్స్ అంటే ఇదే అన్నాడట. పాస్‌పోర్ట్ ఆఫీసు ఇచ్చే ఆ పత్రం విదేశాల్లో ఉద్యోగానికి, నివాసానికి, దీర్ఘకాలిక వీసాకు వెళ్లేవారికి. దాని రుసుము 500 రూపాయలు. దుబాయ్ వెళ్లేవాడికి అది కావాలి, బెంగళూరు వెళ్లేవాడికి అక్కర్లేదు. అదృష్టం, ఈ కుర్రవాడికి పాస్‌పోర్టే లేదు కాబట్టి డబ్బు కట్టకముందే ఆగిపోయింది.

చివరికి సరైన చోట దరఖాస్తు చేశాడు, స్టేషన్ విచారణ అయింది, పత్రం వచ్చింది. అప్పుడు బయటపడింది అసలు చిక్కు. మన ఇళ్లలో చాలామందికి ఉన్నదే: మార్కుల పట్టీలో పేరు ముందు ఇంటిపేరు అక్షరం, ఆధార్‌లో తండ్రి పేరు అక్షరం. పోలీసు పత్రం ఆధార్ ప్రకారం వచ్చింది. ఇద్దరూ ఒకరేనని నోటరీ అఫిడవిట్ తెమ్మంది కంపెనీ. దానికి ఇంకో వారం పోయింది.