ఇద్దరు మేస్త్రీలకు ఎంతమంది కూలీలు?

ఇల్లు కట్టుకునేవారు ప్లాస్టరింగ్ మొదలవగానే మేస్త్రిని అడిగే మాట ఒకటే: ఎన్ని రోజుల్లో అవుతుంది? వారం, పది రోజులని నోటికి వచ్చిన జవాబు వినిపిస్తుంది. నిజానికి దీన్ని కాగితం మీద తేల్చుకోవచ్చు. గోడల విస్తీర్ణం, ఒక మేస్త్రి రోజుకు చేయగల పని, అతనికి మాలు అందించే మనుషుల సంఖ్య తెలిస్తే చాలు. ఈ మూడింటిలో చాలామంది పట్టించుకోనిది చివరిదే. రోజులు ఎక్కువగా పట్టేదీ అక్కడే.

ముందు విస్తీర్ణం. కింది అంతస్తులో ఒక ఇల్లు ఉందనుకుందాం. హాలు 18 అడుగులు × 12, రెండు పడకగదులు ఒక్కోటి 12 × 11, వంటగది 10 × 8. గోడల ఎత్తు 10 అడుగులు. హాలు చుట్టుకొలత 60 అడుగులు కాబట్టి దాని గోడలు 600 చదరపు అడుగులు. రెండు పడకగదులవి కలిపి 920, వంటగదివి 360. మొత్తం 1,880. స్లాబు అడుగు భాగం ఇందులో లేదు. తల పైకెత్తి చేసే ఆ పని నెమ్మదిగా సాగుతుంది కాబట్టి దాన్ని విడిగా లెక్కించాలి.

తలుపులు, కిటికీల దగ్గరే మేస్త్రికీ యజమానికీ మాట తేడా వస్తుంది. ఖాళీ ఉన్నచోట పూత లేదు, తీసేయండంటాడు యజమాని. అంచులు తీర్చడానికే సగం పూట పోయింది, ఎందుకు తీస్తారంటాడు మేస్త్రి. ఇద్దరి మాటలోనూ న్యాయం ఉంది. కొలతలకు సంబంధించిన భారతీయ ప్రమాణం ఐఎస్ 1200 మధ్యే మార్గం చూపింది. గోడకు రెండు వైపులా ఒకే రకం పూత వేసినప్పుడు, అర చదరపు మీటరు నుంచి 3 చదరపు మీటర్ల వరకు ఉన్న ఖాళీకి ఒక వైపు మాత్రమే తీసేస్తారు. రెండో వైపు తీయకుండా వదిలేది అంచుల పనికి సరిపోతుంది. మామూలు తలుపులు, కిటికీలు చాలావరకు ఈ కొలతలోనే ఉంటాయి. మన ఇంట్లో నాలుగు తలుపులకు, నాలుగు కిటికీలకు ఇలా 150 చదరపు అడుగులు తీసేస్తే 1,730 మిగులుతుంది.

అంచనాల పాఠ్యపుస్తకాల్లో 12 మిల్లీమీటర్ల సిమెంటు పూతకు మేస్త్రి రోజు పని 8 చదరపు మీటర్లని ఉంటుంది. అంటే సుమారు 86 చదరపు అడుగులు. 1,730ని 86తో భాగిస్తే 20 మేస్త్రి రోజులు. ఇద్దరు మేస్త్రీలుంటే 10 రోజుల పని.

మరి నలుగురిని పెడితే 5 రోజుల్లో అవుతుందా? కాదు. మేస్త్రి మాలు కొట్టగానే బద్దతో లాగలేడు, అది కాస్త బిగిసేదాకా ఆగాలి. ఆ వ్యవధిలో పక్క గోడ మీదికి వెళతాడు. అందుకే అతనికి తిరగడానికి రెండు గోడలు కావాలి. వంటగదిలో ఇద్దరు దిగితే ఒకరికొకరు అడ్డమవుతారు.

ఇక కూలీల సంగతి. ఇద్దరు మేస్త్రీలకు ముగ్గురని కొందరు, మేస్త్రికి ఒకరు చాలని కొందరు అంటారు. దీన్ని తేల్చేది బరువు. 8 చదరపు మీటర్ల గోడకు ఇటుకల సందులు, ఎగుడుదిగుళ్లు పూడ్చడానికి పట్టేదానితో కలిపి సుమారు 125 లీటర్ల తడి మాలు పడుతుంది. అది దాదాపు 250 కిలోలు. ఇసుక జల్లించడం, మాలు కలపడం, నీళ్లు తేవడం, తట్ట అందించడం, సారవ జరపడం దీనికి అదనం. ఇద్దరు మేస్త్రీలకు రోజుకు అర టన్ను మాలు చేరాలి. కలిపేందుకు ఒకరు, మోసేందుకు ఒకరు, నీళ్లకూ సారవకూ మరొకరు అనుకుంటే ముగ్గురు కూలీల లెక్క అలా వచ్చింది.

ఇటుక కట్టుబడికి ఈ లెక్క చాలదు. పునాది పైన గోడ కట్టే మేస్త్రి రోజు పనిని పుస్తకాలు ఒక ఘనపు మీటరుగా చెబుతాయి. దానికి 500 ఇటుకలు కావాలి. ఒక్కోటి 3 కిలోలనుకుంటే అదే టన్నున్నర, మాలుతో కలిపి రెండు టన్నుల దాకా వస్తుంది. ప్లాస్టరింగ్ కంటే ఎనిమిది రెట్లు. కట్టుబడి మేస్త్రికి ఇద్దరు కూలీలు కావాలనేది అందుకే. పై అంతస్తుకు వెళ్లేకొద్దీ ఏ పనికైనా కూలీలు పెరగాలి.

కూలీని తగ్గిస్తే డబ్బు మిగులుతుందా? మేస్త్రికి రోజుకు 1,000 రూపాయలు, కూలీకి 700 అనుకుందాం. ఇద్దరు మేస్త్రీలు, ముగ్గురు కూలీలకు రోజుకు 4,100. రోజుకు 172 చదరపు అడుగులు పూర్తయితే 10 రోజులకు 41,000 అవుతుంది. ఒక కూలీని మానిపిస్తే రోజు ఖర్చు 3,400కు దిగుతుంది. కానీ మేస్త్రీలు తట్ట కోసం ఎదురుచూస్తూ రోజుకు 130 అడుగులే చేస్తే పని 13 రోజులు దాటి, ఖర్చు 45,000 పైకి పోతుంది. ఈ కూలి రేట్లకు హద్దు 143 చదరపు అడుగులు. ఇద్దరు కూలీలతోనే అంతకు మించి పని సాగుతుంటే మూడో మనిషి అక్కర్లేదు. ఇసుక కుప్ప గుమ్మం పక్కనే ఉండి, పని కింది అంతస్తులోనే అయితే అది సాధ్యమే.

కూలీలు చాలకపోతే తెలిసిపోతుంది. మేస్త్రి సారవ దిగి తానే మాలు తెచ్చుకుంటాడు. అంతకంటే చెడ్డ గుర్తు ఇంకొకటుంది. మాటిమాటికీ కలపలేక పొద్దున్నే పెద్ద కుప్ప కలిపేసి, అది గట్టిపడుతుంటే మళ్లీ నీళ్లు పోస్తారు. సిమెంటు మాలును నీళ్లు కలిపాక రెండు గంటల్లోపు వాడేయాలి. బిగుసుకుంటున్నదాన్ని నీళ్లతో మెత్తబరిస్తే చేతికి మెత్తగానే ఉంటుంది గానీ గోడ మీద పట్టు పోతుంది.

కూలీలు సరిపడా ఉన్నా పని వెనకబడితే గోడ మందం చూడాలి. గోడ తూకం తప్పితే లోటు పూడ్చడానికి 12 మిల్లీమీటర్ల పూత కాస్తా 20 అవుతుంది. దీన్ని పట్టుకోవడానికి సిమెంటు బస్తాలు లెక్కపెడితే చాలు. ఒకటికి ఆరు పాళ్ల మాలుతో 172 చదరపు అడుగులకు బస్తా, మరో మూడోవంతు సరిపోవాలి. రెండు బస్తాలు పోతున్నాయంటే పూత మందంగా పడుతోంది. ఆ గోడ మీద 86 అడుగులు చేయలేదని మేస్త్రిని తప్పుపట్టడం అన్యాయం. తప్పు గోడ కట్టినప్పుడే జరిగింది.

అందుకే పుస్తకంలోని అంకెతో మొదలుపెట్టినా, మూడో రోజు సాయంత్రం టేపు తీయాలి. చెక్కతో రుద్ది పూర్తిచేసిన గోడలే కొలవాలి, మాలు కొట్టి వదిలేసినవి కాదు. ఇద్దరు మేస్త్రీలు మూడు రోజుల్లో 420 అడుగులు చేశారనుకుంటే ఒక్కొక్కరి రోజు పని 70. మిగిలిన 1,310 అడుగులకు ఇంకా తొమ్మిదిన్నర రోజులు పడుతుంది, ఎనిమిది కాదు. రంగులవారికి, టైల్స్ వేసేవారికి చెప్పాల్సిన తేదీ ఈ కొత్త లెక్క ప్రకారమే ఉండాలి. గోడలకు నీళ్లు కొట్టే రోజులు, అవి ఆరే రోజులు దాని మీద అదనం.